పాట చివర పేరు, పాట నెత్తిన కర్త

గురు గ్రంథ్ సాహిబ్‌లో 487వ పుట. ఆసా రాగం ముగింపుకొస్తోంది. ఇక్కడి నుంచి ధన్నా పాటలని శీర్షిక చెబుతుంది. ధన్నా జాట్ రైతు. మొదటి పాట అయ్యాక రెండోదాంట్లో బట్టలకు అద్దకం వేసే నామ్‌దేవ్, నేతపని వదిలిన కబీర్, చచ్చిన గొడ్లను మోసిన రవిదాస్, మంగలి సైన్ వరసగా వస్తారు. వీళ్ల కథ విని ధన్నా కూడా భక్తిలో పడ్డాడు, దేవుణ్ణి చూశాడు. ఆఖరి పాదంలో ధన్నా పేరే ఉంటుంది. అయినా ఆ పాట ధన్నాది కాదు. దాని నెత్తిన ‘మహలా 5’ అని ఉంది. అంటే రాసింది ఐదో గురువు అర్జన్ దేవ్.

త్యాగరాజ కీర్తనలు వినే మనకు చివరి చరణంలో ముద్ర వెతకడం అలవాటు. ఇక్కడ ఆ అలవాటు కొంతవరకే పనికొస్తుంది. ఈ గ్రంథంలో పాటలున్న గురువులంతా ‘నానక్’ అన్న ముద్రే వాడారు. అందుకే వాళ్ల పాటలకు పైన మహలా అని రాసి, ఎన్నో గురువో అంకె వేశారు: 1 నుంచి 5 వరకు, ఆపైన 9. ధన్నా వంటి భగత్‌ల పాటలకు ఆ అంకె ఉండదు, ‘కబీర్ జీ’, ‘నామ్‌దేవ్ జీ’ అని పేరే ఉంటుంది. 1604లో గ్రంథాన్ని తొలిసారి కూర్చి, భాయీ గురుదాస్ చేత రాయించింది అర్జన్ దేవే కాబట్టి శీర్షిక మాటకు అంత విలువ.

పాట ఎక్కడుందో కూడా చూడాలి. రాగంలో గురువుల పాటలు ముందు, భగత్‌లవి చివర. ఆసా రాగం 347వ పుటలో మొదలైతే, భగత్‌ల వంతు 475లో గానీ రాదు.

ఈ రెండు గుర్తులతో 1136వ పుటకు వెళ్దాం. భైరవ్ రాగం. వ్రతమూ పట్టను, రంజాన్ ఉపవాసమూ ఉండనని చెప్పే పాట చివర కబీర్ పేరుంది. కానీ అది గురువుల భాగంలో ఉంది, పైన మహలా 5 ఉంది. కబీర్ గొంతుతో అర్జన్ దేవ్ చెప్పిన పాట అది. 326వ పుటలో అయితే శీర్షికే విప్పి చెబుతుంది: కబీర్ పాటతో కలిపి రాసినది, మహలా 5. ఒక గురువు తన పాటను ఓ నేతగాడి పాటల మధ్య పెట్టుకున్న ఆ చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను.

మహలా అన్న మాట కూడా పొరబాటు పడేలా చేసే చోటు ఒకటుంది. 1389వ పుట నుంచి వచ్చే సవయ్యాలకు ‘మహలే పహిలే కే’ వంటి శీర్షికలుంటాయి. ఆ ‘కే’ని వదిలేసి చదివితే మొదటి గురువు రాసినవనిపిస్తాయి. నిజానికి అవి ఆయన మీద భట్టులు చెప్పిన స్తుతులు. అక్కడ మాత్రం పాదాల్లోకే దిగాలి. కల్ వంటి భట్టుల పేర్లు ఉండేది వాటిలోనే.