భద్రతా మండలి చెబితే వినాల్సిందేనా? తప్పు చేస్తే అడిగేదెవరు?

2024 మార్చి 25. రంజాన్ నెల సగానికి వచ్చింది. గాజాలో వెంటనే కాల్పులు ఆపాలని, కనీసం ఆ నెలంతా ఆపాలని డిమాండ్ చేస్తూ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2728 నంబరు తీర్మానాన్ని ఆమోదించింది. 15 మంది సభ్యుల్లో 14 మంది ఔనన్నారు. అమెరికా ఓటు వేయకుండా పక్కన కూర్చుంది. అంతలోనే అమెరికా రాయబారి ఈ తీర్మానానికి ఎవరూ కట్టుబడాల్సిన పని లేదన్నట్టు మాట్లాడారు. చైనా రాయబారి మాత్రం మండలి తీర్మానాలకు అందరూ కట్టుబడాల్సిందేనన్నారు. ఈద్ వచ్చింది, వెళ్లింది. బాంబులు ఆగలేదు.

అప్పుడు చాలా ఇళ్లల్లో వినిపించిన ప్రశ్న ఒక్కటే: ఇంతకీ మండలి మాటకు విలువ ఉందా, లేదా?

దీనికి జవాబు ఐరాస చార్టర్ 25వ అధికరణలో ఉంది. మండలి తీసుకున్న నిర్ణయాలను ఒప్పుకుని అమలు చేస్తామని సభ్య దేశాలన్నీ అందులో మాటిచ్చాయి. జనరల్ అసెంబ్లీకి ఈ బలం లేదు. అక్కడ నూటయాభై దేశాలు ఓటేసినా చాలా విషయాల్లో అది సిఫారసు కిందే లెక్క. మండలిలో 9 ఓట్లు పడి, ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఎవరూ వీటో వేయకపోతే చాలు, ఆ నిర్ణయం లోకమంతటికీ వర్తిస్తుంది. ఓటు వేయకుండా ఊరుకోవడం వీటో కిందికి రాదు.

చిక్కు ఎక్కడంటే, మండలి చెప్పే ప్రతి మాటా ‘నిర్ణయం’ కాదు. కొన్నిసార్లు అది కోరుతుంది, కొన్నిసార్లు సలహా ఇస్తుంది. 7వ అధ్యాయం పేరెత్తి, ‘నిర్ణయిస్తున్నాం’ అని రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు. ఆ అధ్యాయం పేరు ఎత్తకపోతే మాత్రం పేచీ మొదలవుతుంది. 2728 విషయంలో జరిగింది ఇదే. నిజానికి ఈ పేచీ పాతదే. నమీబియాను దక్షిణాఫ్రికా వదలకుండా పట్టుకుని కూర్చున్నప్పుడు, 1971లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దీనిపై అభిప్రాయం చెప్పింది. 25వ అధికరణ 7వ అధ్యాయానికి మాత్రమే పరిమితం కాదని తేల్చింది. తీర్మానంలో వాడిన మాటలు, దాని ముందు సాగిన చర్చ, ఎత్తిచూపిన చార్టర్ అధికరణలు చూసి ఒక్కో తీర్మానాన్ని విడిగా తూచాలంది. కాబట్టి 7వ అధ్యాయం ప్రస్తావన లేదు గనక అమలు చేయనక్కర్లేదు అనే వాదన ఒక్కటే నిలబడదు.

అయితే అదే అభిప్రాయంలో కోర్టు మరో మాట కూడా అంది. ఐరాస అంగాల నిర్ణయాలపై అప్పీలు వినే అధికారం గానీ, వాటిని సమీక్షించే అధికారం గానీ తనకు లేదంది. మన దగ్గర పార్లమెంటు చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే సుప్రీంకోర్టు కొట్టేస్తుంది. మండలి పైన అలాంటి కోర్టు ఏదీ లేదు. దీని అర్థమేంటో లిబియాకు 1992లో అనుభవమైంది.

1988 డిసెంబర్ 21న అమెరికాకు వెళ్తున్న పాన్ యామ్ విమానం స్కాట్లాండ్‌లోని లాకర్బీ ఊరిపై పేలిపోయింది. నేల మీద ఉన్నవాళ్లతో కలిపి 270 మంది చనిపోయారు. ఇద్దరు లిబియా పౌరులపై అమెరికా, బ్రిటన్ నేరం మోపి, వాళ్లను అప్పగించమన్నాయి. లిబియా దగ్గర ఒక గట్టి వాదన ఉంది. విమానాలపై దాడుల గురించి 1971లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందంలో మూడు దేశాలూ ఉన్నాయి. నిందితుణ్ణి అప్పగించు, లేదా నీ దేశంలోనే కేసు నడుపు అని ఆ ఒప్పందం చెబుతుంది. మేమే కేసు నడుపుతాం అంది లిబియా. తమ హక్కును కాపాడమని 1992 మార్చి 3న హేగ్ కోర్టుకెక్కింది.

మార్చి 28కి వాదనలు ముగిశాయి. సరిగ్గా మూడు రోజులకు, మార్చి 31న, కోర్టు తీర్పు రాకముందే మండలి 748 నంబరు తీర్మానం చేసింది. అంతకుముందు జనవరిలో చేసిన 731 నంబరు తీర్మానం లిబియాను సహకరించమని కోరింది, అంతే. ఇది అలా కాదు. 7వ అధ్యాయం కింద ఆదేశం. లిబియా దారికి రాకపోతే ఏప్రిల్ 15 నుంచి విమాన రాకపోకలు బంద్, ఆయుధాల అమ్మకం బంద్. పది దేశాలు సరేనన్నాయి. ఐదు దేశాలు ఓటు వేయలేదు, వాటిలో భారత్ ఒకటి. సరేనన్న పదిలో అమెరికా, బ్రిటన్ కూడా ఉన్నాయన్నది గమనించాలి. కోర్టులో ప్రతివాదులుగా ఉన్నవాళ్లే మండలిలో కూర్చుని ఓటేశారు.

ఏప్రిల్ 14న కోర్టు 11–5 ఓట్లతో లిబియా కోరిన తాత్కాలిక రక్షణను నిరాకరించింది. కారణం చార్టర్ 103వ అధికరణ. చార్టర్ కింది బాధ్యతకూ, వేరే ఒప్పందం కింది బాధ్యతకూ పొత్తు కుదరకపోతే చార్టర్‌దే పైచేయి అని అది చెబుతుంది. 748 కూడా 25వ అధికరణ కిందికే వస్తుందని పైకి కనిపిస్తోంది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం దాని ముందు నిలవదు అంది కోర్టు. ఆ కోర్టులోని గయానా జడ్జి షహాబుద్దీన్ విడిగా రాసిన అభిప్రాయంలో అసలు ప్రశ్న లేవనెత్తారు: మండలి అధికారాలకు హద్దు అంటూ ఉందా? ఉంటే, అది దాటిందని చెప్పే హక్కు మండలికి తప్ప ఇంకెవరికైనా ఉందా?

హద్దు ఉందని చార్టరే అంటుంది. ఐరాస ఆశయాలకు, సూత్రాలకు లోబడి మండలి నడుచుకోవాలని 24వ అధికరణలో ఉంది. చూసేదెవరన్నదే తేలలేదు. 1998లో అదే కోర్టు, కేసు వేసింది 748 కంటే ముందే గనక విచారించే అధికారం తమకుందని చెప్పింది. తీర్మానాల సంగతి తర్వాత వింటామంది. ఆ ‘తర్వాత’ రాలేదు. 1999లో నిందితులను అప్పగించారు, నెదర్లాండ్స్‌లో స్కాట్లాండ్ చట్టం ప్రకారం విచారణ జరిగింది. ఒకరికి శిక్ష పడింది, ఒకరు నిర్దోషిగా బయటపడ్డారు. 2003లో హేగ్ కేసును వెనక్కి తీసుకున్నారు.

మండలిని నేరుగా పట్టుకోలేకపోయినా, దాని ఆదేశాన్ని అమలు చేసే చేతిని మాత్రం ఒక కోర్టు పట్టుకుంది. సౌదీ వ్యాపారి యాసిన్ ఖాదీ పేరును 2001 అక్టోబర్‌లో మండలి కమిటీ తీవ్రవాదానికి సాయం చేస్తున్నవారి జాబితాలో చేర్చింది. యూరప్‌లో ఆయన ఆస్తులను స్తంభింపజేశారు. సాక్ష్యం ఏంటో చెప్పలేదు, వాదన వినలేదు. 2005లో కింది కోర్టు, మండలి ఆదేశాన్ని ఇంచుమించు ముట్టుకోలేమంది. 2008 సెప్టెంబర్ 3న యూరప్ పై కోర్టు వేరే దారి పట్టింది. మేం చూసేది మండలి తీర్మానాన్ని కాదు, దాన్ని అమలు చేయడానికి యూరప్ చేసిన నిబంధనను అంది. మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వలేదు కాబట్టి, ఖాదీకి సంబంధించినంత వరకు ఆ నిబంధనను కొట్టేసింది.

అప్పుడు కూడా మండలి జాబితాలో ఆయన పేరు అలాగే ఉంది. కానీ ఒత్తిడి పనిచేసింది. 2009 చివర్లో, పేరు తీసేయమని కోరేవారి మొర వినడానికి మండలి ఒక అంబుడ్స్‌పర్సన్ పదవిని సృష్టించింది. 2011 నుంచి, పేరు తీసేయమని ఆ అధికారి సిఫారసు చేస్తే 60 రోజుల్లో పేరు పోతుంది. ఆపాలంటే కమిటీలోని 15 దేశాలూ ఒక్కమాట మీద నిలబడాలి, లేదా విషయాన్ని మండలి ముందు పెట్టాలి. ఖాదీ పేరును 2012 అక్టోబర్‌లో తీసేశారు. ఇది కోర్టు కాదు, ఆ ఒక్క జాబితాకే పరిమితం. మండలి పెట్టే మిగతా ఆంక్షల్లో చిక్కుకున్నవాళ్లకు ఈ తలుపు కూడా లేదు.