అర్థమునుండి శబ్దమునకు: విస్మృతపదమును వెదకు విధానము

అకారాదిక్రమమున కూర్చిన నిఘంటువు శబ్ద మెఱిగి అర్థ మెఱుగనివారికొఱకు ఏర్పడినది. అర్థము మనస్సున నిలిచి శబ్దము మఱచినవారికి ఆద్యక్షరమైనను స్ఫురింపదు గనుక, శబ్దరత్నాకరము (1885) చేత నున్నను ఏ పుట తెఱవవలెనో తెలియదు. అట్టివారు సాధారణముగా స్ఫురించిన సమీపపదముతో తృప్తిపడుదురు. గ్రంథపరిష్కరణమునందును అనువాదమునందును అర్థభేదములు కొన్ని ఇట్లే మాసిపోవుచున్నవి. ఈ అన్వేషణకు క్రమమైన మార్గము కలదు. దానిని ఒక ఉదాహరణముతో చూపెదను.

ఈని చాలకాలమైన ఆవునకు సంస్కృతమున ఒక ప్రత్యేకపదము కలదని మాత్రమే మనకు జ్ఞప్తి యున్నదనుకొందము. మొదట ఈ అర్థమును జాతి, విశేషము అని రెండుగా విడదీయవలెను. ఆవు అనునది జాతి. ఈనిన పిదప గడచిన కాలము విశేషము. జాతి మనకు చోటును చూపును, విశేషము ఆ చోట పదమును ఏర్పఱచి యిచ్చును. రంగు, ఒడలి పెంపు, పాల పరిమాణము మున్నగునవి ఇచట విశేషములు కావు. వానిని చేర్చినచో వెదకుట దారి తప్పును.

అర్థమునుబట్టి కూర్చిన నిఘంటువులలో అమరకోశము మనకు సుపరిచితము. అందు మూడు కాండములు గలవు. కృషి, పశుపాలనములకు సంబంధించిన పదములు ద్వితీయకాండమున వైశ్యవర్గమునం దున్నవి. కావున ఆవునకు మృగములను చెప్పు సింహాదివర్గమును చూడరాదు. అమరసింహుడు జంతువులను స్వభావమునుబట్టియే గాక మానవవృత్తులతో వానికి గల సంబంధమునుబట్టియు విభజించినాడు. చోటు దొరకనప్పుడు ఈ వస్తువు ఎవరికి పనికివచ్చును అని ప్రశ్నించుకొనుట ఉపకరించును.

వైశ్యవర్గమున ఆవునకు సామాన్యపర్యాయములు ముగిసినపిదప అవస్థాభేదములు వరుసగా వచ్చును. వశ గొడ్డుటావు, ఒకసారి మాత్రమే ఈనినది గృష్టి, ఏటేట ఈనునది సమాంసమీన, క్రొత్తగా ఈనినది ధేనువు, చిరకాలము క్రిందట ఈనినది బష్కయణి. మనకు కావలసిన పద మిదియే. దీనికి సరిగా ఎదురు నిలుచునది ధేనువు. తెలుగు కావ్యములందు ధేనువనగా ఆవు అనియే వ్యవహరింతుము. అమరమునందలి గోసామాన్యపర్యాయములలో మాత్రము ఆ శబ్దము లేదు. పొరుగుపదములను కూడ చదువుటవలన కలుగు లాభ మిది: ఒక పదమునకై పోయి వేఱొక పదము యొక్క హద్దును తెలిసికొందుము.

దొరకిన పదమును అకారాదినిఘంటువున మరల సరిచూడనిదే గ్రహింపరాదు. ఇచట ఒక చిక్కు కలదు. ఈ పదము వష్కయణి అని వకారాదిగను వ్రాయబడును. ఒక రూపము కానరానంతమాత్రమున పదము లేదనరాదు. అదిగాక బష్కయ మనగా ఏడాది దూడ. కావున ఇదే పదమును కొందఱు తల్లి ఈనిన కాలముచేతను, కొందఱు దూడ వయస్సుచేతను వివరింతురు. వర్ణన వేఱైనను వస్తువు ఒకటియే. హిందీలోని బకేనా శబ్దమును పండితులు దీనినుండియే వచ్చినదందురు. కోశములలో మిగిలినదని మన మనుకొన్న పదము పల్లెలో పాడిపశువునకు పేరై యున్నది.

నేడు కంప్యూటరుపై నిఘంటువుల పూర్తిపాఠమును వెదకవచ్చును. షికాగో విశ్వవిద్యాలయము వారి దక్షిణాసియా నిఘంటుసంచయమున బ్రౌను, గ్విన్ దొరల తెలుగు నిఘంటువులు ఇట్లు లభించుచున్నవి. ఆరోపములనే గాక వివరణములను కూడ వెదకు వీలున్నది. కాని పూర్తిపాఠాన్వేషణము అక్షరములను పోల్చునే గాని అర్థమును పోల్చదు. ఆవు అను భావమును మాత్రమే ఇచ్చినచో లెక్కకు మించిన ఆరోపములు వచ్చును; వాక్యము నంతయు ఇచ్చినచో ఒక్కటియు రాకపోవచ్చును. తెలుగు వివరణములను వెదకునపుడు ఇబ్బంది హెచ్చు. మనము తాడు అని వెదకుదుము, నిఘంటుకారుడు త్రాడు అని వ్రాసియుండును. మనము అరసున్న విడుతుము, అతడు విడువడు. మనము ఈనిన అందుము, అతడు ప్రసవించిన అనును. కావున నిఘంటుకారుని మాటలతోనే వెదకవలెను. జాతిపదము నొకటి, విశేషపదము నొకటి గ్రహించి, విశేషపదమును పర్యాయములతో మార్చుచు మూడునాలుగు సారులు వెదకుట మేలు.

పుస్తకములు పలుకనప్పుడు పశువుల కాపరి నడుగవలెను. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశమునకు పదములు పల్లెలనుండియే లభించినవి. అడుగువాడు తన కిష్టమైన పదమును ముందుగా పలుకరాదు. పలికినచో ఎదుటివాడు ఔననును, అతని పదము లోపలనే యుండిపోవును. వస్తువును వర్ణించి, దీనిని మీరేమందురని అడిగి ఊరకుండవలెను.