వెళ్ళొస్తాను

మా నాన్నగారు నాతో "నువ్వంటే నాకెంతో ప్రేమరా" అని ఒక్కనాడూ అనలేదు. ఒకవేళ అని ఉంటే నేను కంగారుపడి, జ్వరమేమైనా తగిలిందేమోనని ఆయన చెయ్యి పట్టుకు చూసేవాణ్ణి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఆ మాట నోట పలకదు. దాని పని చేసిపెట్టే మాటలు వేరే ఉన్నాయి. "అన్నం తిన్నావా?", "చలిగాలి, చెవులకు మఫ్లరు చుట్టుకో", "చేరగానే ఉత్తరం రాయి" - ఇవీ ఆ మాటలు.

వీటిలో నాకు చాలా ఇష్టమైనది "వెళ్ళొస్తాను". గడప దాటేవాడు "పోతాను" అన్నాడంటే అమ్మమ్మలు ఊరుకోరు. పోవడమంటే చనిపోవడమనే అర్థం కూడా ఉంది కదా! అందుకని ఒక్క మాటలో రెండు పనులు చెప్పాలి: వెళ్ళడం, తిరిగి రావడం. సాగనంపేవారు కూడా "వెళ్ళు" అనకుండా "వెళ్ళిరా" అంటారు. తమిళులు "పోయిట్టు వరేన్" అంటారు. కన్నడిగులు "హోగి బర్తీని" అంటారు. మనకు ఏ చుట్టరికమూ లేని జపాను భాషలోనూ ఇంతే. ఇంట్లోంచి బయలుదేరేవాడు "ఇత్తె కిమాసు" అంటాడు, అంటే వెళ్ళి వస్తాను అని. ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తెరాష్షాయి" అంటారు, వెళ్ళి రండి అని. తిరిగి రావాలన్న కోరిక ఇన్నిచోట్ల వీడ్కోలు మాటలోనే ఇమిడిపోయింది.

అయితే అలవాటైన మాట పైపైకి తేలిపోతుంది. నాకు 1981లో హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. తెనాలి స్టేషనులో రైలు కదలబోతుండగా నాన్నగారు నా జేబులో నాలుగు కార్డులు పెట్టారు. నాలుగింటి మీదా తన చిరునామా తనే రాసి ఉంచారు. "క్షేమంగా చేరానని ఒక్క ముక్క రాసి పడెయ్యి. చాలు," అన్నారు. చేరిన రోజునే ఒకటి వేశాను. తక్కిన మూడూ పెట్టె అడుగున పడి ఉన్నాయి. కొత్త ఊరు, కొత్త స్నేహితులు; చేరానని ఒకసారి రాశాక మళ్ళీ రాయడానికేముందిలే అనుకున్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. నాన్నగారు కుర్చీలోంచి లేవకుండానే "రైల్లో చోటు దొరికిందిట్రా?" అన్నారు. అంతే. రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ చెప్పింది: రోజూ పదకొండు గంటలకు ఆయన వీధి మలుపు దాకా వెళ్ళి పోస్టుమాను కోసం నిలబడేవారట. "ఎందుకండీ ఎండలో?" అంటే "ఊరికే, గాలికి" అనేవారట. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు. మర్నాడు ఆయనతో ఏదో చెప్పబోయాను. "కార్డులు అయిపోయాయా? ఇంకో నాలుగు తేనా?" అన్నారు.

అప్పటినుంచి ఇలాంటి మాటల్ని తూచడానికి నాకొక లెక్క ఏర్పడింది. "భోజనమైందా?" అని బజారులో ఎదురైనవారూ అడుగుతారు. చైనాలో కూడా పాతతరంవారు "తిన్నారా?" అనే పలకరించుకునేవారు. అది మర్యాద. "ఆఁ, అయింది" అంటే ఎవరి దారిన వారు పోతారు. అసలు సంగతి తేలేది "ఇంకా లేదు" అన్నప్పుడు. అడిగినవారు లేచి విస్తరి వేస్తే, లేదా అన్నం మూతపెట్టి ఉంచితే, ఆ ప్రశ్న వెనుక మనిషి ఉన్నాడన్నమాట. "జాగ్రత్తగా వెళ్ళు" అన్నవారు మీరు చేరిన కబురు అందేదాకా తలుపు గడియ వెయ్యకపోతే, అదీ అంతే.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. అడిగే మాట ఎప్పుడూ ఒకటే కావడంతో వినేవాడికి అది పోరులాగా వినిపిస్తుంది. "స్వెట్టరు వేసుకో" అని మూడోసారి అంటే ఎదిగిన పిల్లవాడికి అజమాయిషీలా తోస్తుంది. పిల్లలు విసుగుతో తినకపోయినా "తిన్నాను" అంటారు. దానితో మాట అక్కడికి తెగిపోతుంది. అడిగినవారికి కావలసింది జవాబు కాదు, కాస్త కబురు.

ఇప్పుడు మా అబ్బాయి చికాగోలో ఉన్నాడు. వేసవిలో మనకూ వాళ్ళకూ పదిన్నర గంటల తేడా. మొన్న రాత్రి ఎనిమిదింటికి ఫోను చేశాడు. వాడికి పొద్దున తొమ్మిదిన్నర. "నాన్నా, బీపీ మాత్ర వేసుకున్నారా?" అన్నాడు. రోజూ ఇదే ప్రశ్న! "ఆఁ, వేసుకున్నాలేరా" అని విసుక్కోబోయి, మాట మింగేశాను. వాడు ఏ వీధి మలుపులో నిలబడి అడుగుతున్నాడో!

"వేసుకున్నాను నాన్నా. రాత్రికి మీ అమ్మ దోసకాయ పప్పు చేసింది, ఉప్పు తగ్గించింది," అంటూ మొదలుపెట్టాను. పావుగంట మాట్లాడుకున్నాం.