చెరువు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ లెక్క

కొల్లేరు చుట్టుపక్కల రోహు, కట్ల పెంచే మంచినీటి చెరువుల్లో పీహెచ్ ఒక్కరోజులోనే పైకీ కిందికీ కదులుతుంది. తెల్లవారుజామున 7.35 ఉన్న నీళ్లు మధ్యాహ్నం మూడింటికి 8.35 చూపించడం మామూలే. రాత్రంతా చేపలు, ప్లాంక్టన్, అడుగు బురదలోని సూక్ష్మజీవులు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఎండ ఎక్కాక ప్లాంక్టన్ దాన్ని తీసేసుకుంటుంది. మరి ఏ వేళకు నీళ్లలో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో పీహెచ్ చూసి చెప్పగలమా? చెప్పొచ్చు. అందుకు కావలసినవి రెండు స్థిరాంకాలు, చిన్న కూడిక.

కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగితే కార్బానిక్ ఆమ్లంలా పనిచేస్తుంది. ఇది రెండు విడతల్లో ప్రోటాన్లను వదిలే ఆమ్లం. మొదటిది వదిలితే బైకార్బొనేట్, రెండోదీ వదిలితే కార్బొనేట్ అవుతుంది. ఒక్కో విడతకు ఒక వియోజన స్థిరాంకం ఉంటుంది. 25 డిగ్రీల మంచినీటిలో వాటి పీకే విలువలు 6.35, 10.33. పీహెచ్ సరిగ్గా 6.35 అయితే కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ సరిసమానం. 10.33 దగ్గర బైకార్బొనేట్, కార్బొనేట్ సమానం. అక్కణ్నుంచి పీహెచ్ ఒక్క అంకె కదిలితే ఆ నిష్పత్తి పది రెట్లు మారుతుంది.

అందుకే లెక్కలో బైకార్బొనేట్‌ను 1 అనుకుని మిగతా రెంటినీ దానితో పోల్చడం సులువు.

```
CO2 / HCO3⁻  = 10^(pK1 − pH)
CO3²⁻ / HCO3⁻ = 10^(pH − pK2)
```

తెల్లవారుజామున పీహెచ్ 7.35. మొదటి నిష్పత్తి 0.1, రెండోది దాదాపు 0.001. బైకార్బొనేట్ 1తో కలిపితే మొత్తం 1.101. ఒక్కోదాన్ని ఆ మొత్తంతో భాగిస్తే కార్బన్ డయాక్సైడ్ 9.1 శాతం, బైకార్బొనేట్ 90.8 శాతం, కార్బొనేట్ 0.1 శాతం. మూడూ కలిపి నూరు రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

మధ్యాహ్నం 8.35. ఈసారి రెండు నిష్పత్తులూ 0.01 చొప్పున వస్తాయి. బైకార్బొనేట్ 98 శాతం, మిగతావి ఒక్కో శాతం. రెండు పీకేలకు సరిగ్గా నడుమ, అంటే 8.34 దగ్గర, బైకార్బొనేట్ వాటా గరిష్ఠం. అది దాటితే కార్బొనేట్ పెరగడం మొదలవుతుంది. 9.35కు వెళ్తే దాని వాటా 9.5 శాతం.

వాటాలు తెలిశాక మిల్లీగ్రాములు తెలుసుకోవాలంటే ఆల్కలినిటీ కూడా కావాలి. అది కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 100 మిల్లీగ్రాములు అనుకుందాం. అప్పుడు తెల్లవారుజామున కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం ఒక్క మిల్లీగ్రాము కంటే తక్కువ. బైకార్బొనేట్ మాత్రం ఇంచుమించు కదల్లేదు. అంటే పగలు ప్లాంక్టన్‌కు సులువుగా దొరికే కార్బన్ పదో వంతుకు పడిపోయింది. తెల్లవారుజామున ఆక్సిజన్ తక్కువగా ఉండే వేళకే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కావడంతో చేపకు ఊపిరి మరింత కష్టమవుతుంది.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా కొలతలోనే. పీహెచ్ మీటరు 0.3 తేడా చూపిస్తే కార్బన్ డయాక్సైడ్ రెండింతలో, సగమో అయిపోతుంది. నీళ్లను సీసాలో సగం వరకే పట్టి ల్యాబ్‌కు పంపితే, దారిలో వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. గట్టు మీద చూసిన అంకె కంటే ల్యాబ్ అంకె ఎక్కువగా ఉంటే ముందుగా ఇదే అనుమానించాలి.

రెండో పొరపాటు స్థిరాంకాల్లో. ఉప్పు పెరిగితే పీకేలు తగ్గుతాయి. సముద్రపు నీటికి అవి సుమారు 5.9, 8.9. అక్కడ పీహెచ్ 8.1 దగ్గరే కార్బొనేట్ వాటా పది శాతం దాటుతుంది. అదే నీటికి మంచినీటి స్థిరాంకాలు వేస్తే ఒక్క శాతం కూడా రాదు. కాబట్టి ఉప్పునీటి రొయ్యల చెరువుకు పైన చూపిన 6.35, 10.33 పనికిరావు, ఆ నీటి ఉప్పదనానికి తగ్గ విలువలు తీసుకోవాలి.

మీది మంచినీటి చెరువైతే సూర్యోదయానికి ముందు గట్టు మీదే, ఆ ఉదయమే బఫర్‌తో సరిచూసుకున్న మీటరుతో పీహెచ్ కొలవండి. ఆల్కలినిటీ కూడా చూసుకుంటే మిగతాది కాగితం మీద అయిదు నిమిషాల పని.