గోడ లోపలి ఖర్చుకూ లెక్క ఉండాలి

పాత ఇంటి మరమ్మతులో మేస్త్రీ చెప్పిన అంచనా ఎక్కువగా దాటిపోయేది బాత్‌రూమ్‌ల దగ్గరే. పైకి కనిపించేది పగిలిన టైలు. దాన్ని తీశాక తుప్పు పట్టిన జీఐ పైపు, నీళ్లు పీల్చిన కాంక్రీటు బయటపడతాయి. రంగుల పనికి ఈ బెడద తక్కువ; గోడలు కొలిస్తే లెక్క దాదాపు తేలిపోతుంది. అందుకే అదనపు ఖర్చుకని పక్కన పెట్టే సొమ్ము అన్ని పనులకూ ఒకేలా ఉండనక్కర్లేదు. పగలగొట్టే పనికి అంచనా మీద 20 శాతం, పైపై పనికి 10 శాతం అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఉదాహరణకు, ముప్పై ఏళ్ల నాటి డాబా ఇల్లు. పని మొత్తం 6 లక్షలని అంచనా. చేతిలో ఉన్నది 3 లక్షలు, నెలకు 20 వేలు మిగులుతాయి. మిగతా సగానికి అప్పు చేయకుండా పనినే మూడు విడతలు చేద్దాం.

మొదటి విడత నీళ్ల పని: డాబా లీకులు, బాత్‌రూమ్‌లు, పైపులు. అంచనా 2.5 లక్షలు, అదనానికి 50 వేలు. వేసవిలో చేయిస్తే వానలకు ముందే డాబా పని ముగుస్తుంది. పైపులు మార్చడానికి 35 వేలు ఎక్కువైనా, 15 వేలు మిగులుతాయి. ఎనిమిది నెలల్లో దానికి 1.6 లక్షలు తోడవుతాయి. రెండో విడత వైరింగుకు 1.4 లక్షలు, అదనానికి 28 వేలు దానితో సరిపోతాయి. వంటగది, రంగులు చివర. ఆ 2.1 లక్షల పనికి అదనం కలిపినా ఇంకో ఏడాది పొదుపు చాలు. ఈలోగా ధరలు పెరగొచ్చు కాబట్టి ప్రతి విడతకూ ముందు కొత్త కొటేషన్ తీసుకోవాలి.

ఈ వరస తప్పితే ఖర్చు రెట్టింపవుతుంది. ముందే రంగులు వేయిస్తే, తర్వాత వైర్ల కోసం అవే గోడలను కోయాలి. చెమ్మ ఆరని గోడకు పుట్టీ పెడితే కొన్ని నెలల్లోనే పొక్కులు లేస్తుంది. డాబా పని అయ్యాక నీళ్లు పోయే తూము మూసి, అంగుళం మేర నీళ్లు నిలబెట్టి, ఒక రోజంతా ఉంచి కింద సీలింగు చూడాలి. తడి మరక కనిపిస్తే ఆ పనికి చివరి వాయిదా ఇవ్వకూడదు.

విడతలు అన్నిటికీ పనికిరావు. సీలింగు పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తుంటే, అది పొదుపు కూడేదాకా ఆగే పని కాదు. ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. రంగులకు దాచిన డబ్బంతా అటు మళ్లించాల్సి వచ్చినా సరే, మొదటి విడత అదే.