ఒక్క రోగితో ఎందుకు తేలదు? జ్ఞాపకశక్తిపై ఇద్దరి సాక్ష్యం

వేసవి రాత్రి దిల్లీలోని మునిర్కాలో వోల్టేజీ పడిపోయిందనుకోండి. ఏసీ ఆగిపోతుంది, ఎల్‌ఈడీ బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అది చూసి రెండింటికీ వేర్వేరు లైన్లు ఉన్నాయని తేల్చలేం. లైను ఒకటే కావచ్చు. ఏసీకి ఎక్కువ వోల్టేజీ కావాలి, బల్బుకు తక్కువ చాలు. కానీ అదే నమూనాలో కట్టిన పక్క ఫ్లాట్‌లో బల్బు ఆరిపోయి ఏసీ చక్కగా నడుస్తుంటే? అప్పుడు ‘కరెంటు చాల్లేదు’ అనే ఒక్క కారణంతో రెండిళ్లలో జరిగినదీ చెప్పలేం. ఏసీకీ బల్బుకీ ఎక్కడో ఒకచోట వేరే భాగాలు ఉండితీరాలి.

మెదడు దెబ్బతిన్న రోగులను పరీక్షించే న్యూరోసైకాలజీలో ఈ తర్కానికి ‘డబుల్ డిసోసియేషన్’ అని పేరు. 1955లో హాన్స్-లూకాస్ ట్యూబర్ ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. దీని బలం తెలియాలంటే వైద్య సాహిత్యంలో పొడి అక్షరాలతో పిలిచే ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటివారు హెచ్.ఎం. మూర్ఛ తగ్గించడానికి 1953లో అమెరికాలో ఆయన మెదడుకు ఇరువైపులా టెంపొరల్ లోబ్ లోపలి భాగాన్ని తొలగించారు. ఆ తర్వాత కొత్త సంగతులేవీ ఆయనకు గుర్తుండేవి కావు. అయినా అప్పటికప్పుడు చెప్పిన ఆరు అంకెలను తిరిగి చెప్పగలిగేవారు. అది దాదాపు మామూలు మనుషుల స్థాయే. అదే ఏడంకెల వరుసను పాతికసార్లు వినిపించినా నేర్చుకోలేకపోయారు.

దీన్నిబట్టి తాత్కాలిక జ్ఞాపకం వేరు, దీర్ఘకాలిక జ్ఞాపకం వేరు అనేయొచ్చా? తొందరపడకూడదు. విన్న వెంటనే చెప్పడం తేలిక, నేర్చుకుని తర్వాత చెప్పడం కష్టం. జ్ఞాపకశక్తి ఒకటే అయి, అది బలహీనపడినా ముందు దెబ్బతినేది కష్టమైన పనే. అంటే హెచ్.ఎం. ఒక్కరి కథలో వోల్టేజీ వాదానికి చోటు మిగిలే ఉంది.

ఆ చోటును మూసింది కె.ఎఫ్. మోటార్‌సైకిల్ ప్రమాదంలో ఆయన మెదడు ఎడమవైపు పెరైటల్ ప్రాంతం దెబ్బతింది. లండన్‌లో ఎలిజబెత్ వారింగ్‌టన్, టిమ్ షాలిస్ ఆయనను పరీక్షించి 1969, 1970లలో ఫలితాలు ప్రచురించారు. విన్న అంకెల్లో ఒకటి సరిగ్గా చెప్పేవారు, రెండు అంకెలైతేనే తడబడేవారు. కానీ మాటల జాబితాను మళ్లీ మళ్లీ వినిపిస్తే మామూలు వ్యక్తుల్లాగే నేర్చుకున్నారు. హెచ్.ఎం.కు తేలికైనది కె.ఎఫ్.కు కష్టం, హెచ్.ఎం.కు అసాధ్యమైనది కె.ఎఫ్.కు సాధ్యం. ఈ రెండు పనుల్లో ఏది కష్టమైనదని నిర్ణయించుకున్నా, ఇద్దరిలో ఒకరి ఫలితం అడ్డం తిరుగుతుంది.

ఇంకో చిక్కు కూడా బయటపడింది. 1968లో అట్కిన్సన్, షిఫ్రిన్ ప్రతిపాదించిన నమూనాలో సమాచారం తాత్కాలిక నిల్వ గుండా వెళ్లాకే దీర్ఘకాలిక నిల్వకు చేరుతుంది. కె.ఎఫ్.కు మొదటి గదే దాదాపు మూతపడినా రెండో గదిలోకి సరుకు చేరుతూనే ఉంది. హెచ్.ఎం.ను ఎన్నేళ్లు పరీక్షించినా ఈ తేడా కనిపించేది కాదు, ఎందుకంటే ఆయన ఫలితాలు ఆ నమూనాకు చక్కగా సరిపోతాయి.

ఇద్దరు రోగులు దొరికితే చాలదు. కె.ఎఫ్. చెవికి అంకెలు సరిగ్గా వినబడకపోయినా, వాటిని నోటితో పలకలేకపోయినా ఇదే ఫలితం వస్తుంది కదా! అందుకే నోటి జవాబు అక్కర్లేని పరీక్షలూ పెట్టారు, అయినా లోపం పోలేదు. అంకెలను రాసి చూపిస్తే మాత్రం కొంత మెరుగ్గా గుర్తుంచుకున్నారు. దెబ్బతిన్నది మొత్తం తాత్కాలిక జ్ఞాపకం కాదనీ, విన్న మాటలను కాసేపు నిలిపి ఉంచే భాగమనీ అలా తెలిసింది.

చెడకుండా ఉన్న పనిని ‘మామూలే’ అనడానికి కూడా కొలబద్ద కావాలి. బడికి వెళ్లని అరవై ఏళ్ల రైతు స్కోరును కాలేజీ విద్యార్థుల సగటుతో పోలిస్తే లేని లోపం కనిపిస్తుంది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ తన పరీక్షల సంపుటికి వయసు, చదువులను బట్టి ప్రమాణాలు తయారుచేసింది ఇందుకే.

ఈ తర్కం ఒకటి ముందే అనుకుంటుంది: ఇద్దరి మెదళ్లూ, ఆ ఫ్లాట్ల మాదిరే, ప్రమాదానికి ముందు ఒకే నమూనాలో ఉండేవని. ఇంకో పరిమితి దీనికంటే ఇబ్బందికరమైనది. 1990లలో డేవిడ్ ప్లౌట్, షాలిస్ కంప్యూటర్‌లో ఒక కృత్రిమ నాడీజాలానికి చదవడం నేర్పారు. దాన్ని ఒకచోట దెబ్బతీస్తే ‘స్వేచ్ఛ’ లాంటి అమూర్త పదాలు ఎక్కువ పోయాయి, మరోచోట దెబ్బతీస్తే ‘కుర్చీ’ లాంటి మూర్త పదాలు పోయాయి. అమూర్త పదాలకో గది, మూర్త పదాలకో గది అని అందులో ఎవరూ కట్టలేదు. కాబట్టి డబుల్ డిసోసియేషన్ కనబడితే రెండు పనులూ ఒకే వనరులోని హెచ్చుతగ్గులు కావని నమ్మకంగా చెప్పవచ్చు. ఆ భాగాలు ఎన్ని, వాటి హద్దులెక్కడ అన్నది వేరే ప్రయోగాలతో తేల్చాలి. కె.ఎఫ్. తర్వాత అదే జరిగింది. 1974లో అలన్ బ్యాడ్లీ, గ్రాహమ్ హిచ్ తాత్కాలిక నిల్వ అనే ఒక్క గది స్థానంలో అనేక భాగాలున్న ‘వర్కింగ్ మెమరీ’ని ప్రతిపాదించారు. విన్న మాటలను నిలిపి ఉంచే విభాగానికి ఆ నమూనాలో ప్రత్యేక స్థానం ఉంది.