మార్కులా, ర్యాంకా? స్కూటర్ పేరులో నంబరు చెప్పే కథ

3501, 3502, 3503. బజాజ్ చేతక్ ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఇవి మూడు మోడళ్లు. వీటిలో ఖరీదైనది ఏదని అడిగితే, బండి గురించి తెలియని మనిషి వేలు సహజంగా 3503 మీదకే వెళ్తుంది. నిజానికి పై మోడల్ 3501. మార్కెట్లోకి వచ్చిన కొత్తలో షోరూమ్ ధర 3501కి సుమారు 1.27 లక్షలు, 3502కి 1.20 లక్షలు, 3503కి 1.10 లక్షలు. నంబరు ఒక్కొక్కటీ పెరుగుతుంటే ధర తగ్గుతూ వచ్చింది.

ఇది గజిబిజిగా కనిపిస్తుంది కానీ, లోపల ఒక లెక్క ఉంది. మొదటి రెండంకెలు బ్యాటరీవి. 35 అంటే మూడున్నర కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్ అన్న మాట కొత్తగా అనిపించవచ్చు గానీ, మన కరెంటు బిల్లులో ‘యూనిట్’ అని ఉండేది అదే. అంటే మూడున్నర యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. తర్వాత వచ్చిన 3001లో మూడు యూనిట్ల బ్యాటరీ ఉంది. 2901లో ఉన్నది దాదాపు 2.9 యూనిట్లది. ఇంతవరకూ నంబరు పెద్దదైతే బ్యాటరీ పెద్దది.

చివరి రెండంకెల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. 01 అంటే మొదటి స్థానం. 3501కి టచ్ స్క్రీన్ ఉంది. 3503 తెర సాదాది. పై రెండు మోడళ్లూ గంటకు 73 కిలోమీటర్ల వేగం అందుకుంటే, 3503 వేగం 63 దగ్గర ఆగుతుంది. మూడింటిలోనూ బ్యాటరీ సామర్థ్యం మాత్రం ఒక్కటే.

మన ఇళ్లలో పిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు రెండు రకాల నంబర్లు వాడతాం. మార్కులు ఎంత ఎక్కువైతే అంత మంచిది, ర్యాంకు ఎంత తక్కువైతే అంత మంచిది. రెండింటినీ ఎవరూ కలిపి రాయరు. 3503 అనే పేరులో మొదటి సగం మార్కులు, రెండో సగం ర్యాంకు. మధ్యలో గీత కూడా లేదు కాబట్టి చదివేవాడు మొత్తాన్నీ మార్కులుగానే చదువుతాడు. మోడళ్లకు పేర్లు పెట్టడంలో పొరపాటు ఇక్కడే పుడుతుంది. పేరులో నంబరు ఉంటే, అది మొదటి నుంచి చివరి దాకా ఒకే దిక్కుకు పెరగాలి.

పెట్రోలు బండ్లకు ఈ చిక్కు లేదు, ఎందుకంటే వాటికి సీసీ ఉంది. పల్సర్ 150, పల్సర్ 180 పక్కపక్కన నిలబడితే ఏది పెద్దదో ఎవరూ చెప్పనక్కర్లేదు. యమహా ఆర్‌ఎక్స్ 100లో ఇంజను 98 సీసీయే అయినా, నంబరు నిజానికి దగ్గరగా ఉంది కాబట్టి జనం ఒప్పుకున్నారు. ఎలక్ట్రిక్ బండికి ఇంజను లేదు, సీసీ లేదు. మరి ఆ ఖాళీలో ఏ కొలత పెట్టాలి?

ఒక్క చార్జింగ్‌కు ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందో ఆ అంకె పెట్టాలని ఎవరికైనా ముందుగా తోస్తుంది. కొనేవాడు అడిగేదీ అదే. కానీ ఆ అంకె నిలవదు. పరీక్షలో వచ్చిన దూరం రోడ్డు మీద రాదు. వెనకాల ఒకరు కూర్చుంటే తగ్గుతుంది, ఎకో మోడ్ తీసేస్తే ఇంకా తగ్గుతుంది. పేరులో 150 అని ఉండి బండి 110 దగ్గర ఆగిపోతే, ఆ పేరే రోజూ అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది. ధరను బట్టి వరుస పెట్టినా నిలవదు. 2023 జూన్‌లో కేంద్రం సబ్సిడీని కిలోవాట్ అవర్‌కు 15 వేల నుంచి 10 వేల రూపాయలకు తగ్గించగానే ధరలన్నీ కదిలిపోయాయి. బ్యాటరీ సామర్థ్యం అలా కాదు. ఫ్యాక్టరీలో బిగించిన రోజున ఎంతో, కాగితం మీద ఎప్పటికీ అంతే. అందుకే పేరులోకి వచ్చే కొలత అదే కావడం మేలు.

ఓలా దారి వేరు. అక్కడ ఎస్1 ఎక్స్, ఎక్స్ ప్లస్, ప్రో, ప్రో ప్లస్ అని మాటలతో ఒక మెట్ల వరుస ఉంది, బ్యాటరీని పక్కన విడిగా చెబుతారు. 2025 జనవరిలో వచ్చిన మూడో తరంలో ఎస్1 ఎక్స్ నాలుగు యూనిట్ల బ్యాటరీతోనూ దొరుకుతుంది, ఎస్1 ప్రో మూడు యూనిట్లతోనూ దొరుకుతుంది. కింది మెట్టు బండికి పై మెట్టు బండి కంటే పెద్ద బ్యాటరీ అన్నమాట. ఇందులో తప్పు లేదు. ఒకటి సదుపాయాల మెట్టు, మరొకటి బ్యాటరీ మెట్టు, రెండూ వేర్వేరు. చిక్కల్లా బ్యాటరీ అంకె చెప్పకుండా పేరు ఒక్కటే పలికినప్పుడు వస్తుంది. 2021లో వచ్చిన మొదటి ఎస్1 ప్రోలో దాదాపు నాలుగు యూనిట్ల బ్యాటరీ ఉండేది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడు ‘ప్రో’ అన్న మాట విని బేరం ముగిస్తే, ఏ తరందో, ఎంత బ్యాటరీదో తెలియకుండానే డబ్బు ఇచ్చినట్టు.

ఇప్పుడు మనమే ఒక కంపెనీ అనుకుందాం. మూడు బ్యాటరీలు ఉన్నాయి: 2.5, 3.5, 4.5 యూనిట్లు. ఒక్కోదానిలో సాదా మోడల్ ఒకటి, అన్ని హంగులతో ఒకటి. మొత్తం ఆరు బండ్లు. ముందు బ్యాటరీని అంకెతో, హంగులను ఒకే మాటతో చెప్పాలని నిర్ణయిద్దాం. సాదా మోడల్‌కు ఏ మాటా వద్దు, హంగులున్నదానికి ‘ప్లస్’ చాలు.

అంకెను 25, 35, 45 అని రాస్తే ఒక గొయ్యి ఎదురవుతుంది. మన దేశంలో గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న మోటారు ఎలక్ట్రిక్ స్కూటర్లకు లైసెన్సు అక్కర్లేదు. ‘25’ అని పేరు చూసి, ఇది ఆ లైసెన్సు లేని బండే అనుకునేవారు ఉంటారు. పోనీ 250, 350 అందామంటే బుల్లెట్ 350 గుర్తొచ్చి సీసీలా వినిపిస్తుంది. కాబట్టి చుక్కతోనే రాద్దాం: 2.5, 3.5, 4.5. 1, 2, 3 అని పెట్టకపోవడం వల్ల ఇంకో లాభం ఉంది. రేపు మూడు యూనిట్ల బ్యాటరీ వస్తే 3.0 వచ్చి తన చోట తాను కూర్చుంటుంది, పాత పేర్లేవీ మార్చనక్కర్లేదు.

తర్వాత రెండు పరీక్షలు. ఒకటి ఫోను పరీక్ష. సందడిలో ‘ఎస్’ అన్నది ‘ఎక్స్’లా వినబడుతుంది కాబట్టి, ఆ రెండక్షరాలను ఒకే వరుసలో తేడాకు గుర్తుగా పెట్టకూడదు. రెండోది చీటీల పరీక్ష. ఆరు పేర్లు ఆరు చీటీల మీద రాసి, బండి గురించి ఏమీ తెలియని నలుగురికి ఇచ్చి చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చమనాలి. బ్యాటరీ వరుస ఎవరూ తప్పకూడదు. 2.5 ప్లస్ ఎక్కువా, సాదా 3.5 ఎక్కువా అన్నచోట మాత్రం వాళ్లు ఆగి ఆలోచిస్తే అది పేరు తప్పు కాదు. అక్కడ నిజంగానే ఎంచుకోవాల్సింది ఉంది, హంగులా, దూరమా అని.

పేరు అన్నీ చెప్పలేదు. చార్జర్ ఎంత వేగమైనదో, సీటు కింద ఎంత చోటుందో బ్రోషర్ చూసుకోవాల్సిందే. నిండా చార్జ్ చేస్తే మూడున్నర కంటే మీటరు కాస్త ఎక్కువే తిరుగుతుంది, కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి. అయినా షోరూమ్‌లో నిలబడ్డ తండ్రి ఇంటికి ఫోన్ చేసి, “మూడున్నర ప్లస్ చూస్తున్నానమ్మా, నాలుగున్నర మనకెందుకు?” అని అడగగలిగితే, అవతల ఉన్న కూతురికి బ్రోషర్ లేకుండానే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఆ పేరు తన పని తాను చేసింది.